దబీర్‌పురా పట్టాల మీద మెయింటెనెన్స్ పాఠం

ప్రొడక్షన్ మేనేజ్‌మెంట్ పేపర్లో బ్రేక్‌డౌన్, ప్రివెంటివ్, ప్రెడిక్టివ్ మెయింటెనెన్స్‌ల తేడా రాయమని తరచూ అడుగుతారు. మొదటి రెంటికీ తేడా పిల్లలు బాగానే రాస్తారు. ప్రివెంటివ్‌కీ ప్రెడిక్టివ్‌కీ వచ్చేసరికి తడబడతారు. రెండూ ముందుజాగ్రత్తలే కదా అనిపిస్తుంది. మలక్‌పేట, యాకుత్‌పురా స్టేషన్ల నడుమ దబీర్‌పురా మీదుగా సాగే రైలు పట్టాలను ఉదాహరణగా తీసుకుంటే ఆ చిక్కు విడిపోతుంది. ఈ దారిలో ఎంఎంటీఎస్ బళ్లతోపాటు కర్నూలు వైపు వెళ్లే దూరప్రాంతపు రైళ్లూ నడుస్తాయి.

రైల్వేలో కీమ్యాన్ రోజూ తన బీటంతా నడుస్తాడు. వదులైన క్లిప్పులను సుత్తితో బిగిస్తాడు. వాటికి గ్రీజు పెట్టే పని గడువు ప్రకారం జరుగుతుంది. ఆ క్లిప్పు బాగుందా లేదా అని చూడరు, తేదీ వచ్చిందంటే పెట్టాల్సిందే. ఇది ప్రివెంటివ్. చలికాలం తెల్లవారుజామున పొడవాటి పట్టా కుంచించుకుపోయి, బలహీనంగా ఉన్న వెల్డు దగ్గర పుటుక్కున విరిగితే, ఎర్రజెండా చూపి బండి ఆపి అప్పటికప్పుడు అతికించడం బ్రేక్‌డౌన్.

ఈ రెంటికీ అందనిది పట్టా లోపలి పగులు. పైకి నున్నగా కనిపించే పట్టా తలలో అది చిన్నగా మొదలై, చక్రం దొర్లినప్పుడల్లా కాస్త కాస్త పెరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికి అల్ట్రాసోనిక్ ట్రాలీ తోస్తూ నడుస్తారు. ప్రోబుకీ పట్టాకీ మధ్య గాలి ఉంటే తరంగం లోపలికి దిగదు కాబట్టి నీళ్లు వదులుతూ పోవాలి. నిటారుగా దిగిన తరంగం పట్టా అడుగు తాకి తిరిగొస్తుంది. ఆ ప్రతిధ్వని తగ్గినా, దానికంటే ముందే మరొకటి తెర మీద లేచినా లోపల ఏదో ఉన్నట్టు. తలలో అడ్డంగా పుట్టే పగుళ్ల కోసం 70 డిగ్రీల ఏటవాలు ప్రోబులుంటాయి. పట్టా పాదం అంచులు మాత్రం ట్రాలీకి అందవు. వెల్డుల దగ్గర అక్కడ చేతి ప్రోబుతో వేరుగా చూడాలి.

దోషం చిన్నదైతే పట్టా మీద ఒక ఎర్ర ఇంటూ గుర్తు వేసి కనిపెట్టి ఉంటారు. పెద్దదైతే మూడు వేస్తారు. మూడు పడ్డాయంటే వెంటనే బళ్ల వేగం గంటకు 30 కిలోమీటర్లకు దించాలి, ఆ ముక్కను మూడు రోజుల్లో మార్చాలి. ఇది ప్రెడిక్టివ్. విద్యార్థి పట్టుకోవాల్సిన తేడా ఇక్కడే ఉంది. ట్రాలీ పరీక్షకు గడువు ఉంటుంది. మరమ్మతుకు ముందుగా పెట్టిన తేదీ ఉండదు, అది ఎప్పుడో పట్టా పరిస్థితే చెబుతుంది. జవాబులో ఈ ఒక్క మాట రాస్తే పట్టికలో పది గళ్లు నింపక్కర్లేదు.

మూడు ఇంటూలు పడ్డాక మెథడ్ స్టడీ అవసరం మొదలవుతుంది. పాడైన భాగాన్ని కోసి, పరీక్షించిన మంచి ముక్క పెట్టి, రెండు చివరలా వెల్డు చేయాలి. అందుకు రైళ్లు ఆపి బ్లాక్ తీసుకోవాలి. ఉదాహరణకు 90 నిమిషాల బ్లాక్ దొరికిందనుకుందాం. కరిగిన లోహం పోశాక 30 నిమిషాల వరకు మొదటి బండిని వదలకూడదు. అంటే రెండో వెల్డు లోహం 60వ నిమిషంలోపు పోసి తీరాలి.

ఇప్పుడు పనిని ప్రాసెస్ చార్టు మీద పెట్టండి. పనికి వృత్తం, తనిఖీకి చతురస్రం, మోతకు బాణం, ఎదురుచూపుకు డి అక్షరం. బ్లాక్ ఇచ్చాక సామాను మోసుకురావడానికి 15 నిమిషాలు, కొలతలు తీసి ముక్క కోయడానికి 10 పట్టాయనుకుంటే, 60లో 25 అక్కడే పోయాయి. ఏం చేస్తున్నాం, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎలా అన్న అయిదు ప్రశ్నల్లో ఇక్కడ పనికొచ్చేది "ఎప్పుడు". సామాను ముందే చేరవేయొచ్చు, ముక్కను ముందే కొలిచి కోసి ఉంచొచ్చు, అవి బండి నడుస్తుండగా చేయగల పనులే. పరీక్షలో అయిదు ప్రశ్నలూ వరసగా అప్పజెప్పేవాళ్లు చాలామంది. వాటిలో ఏది ఈ పనిని మారుస్తుందో చెప్పేవాళ్లు తక్కువ.

అయితే చార్టులో అన్నీ కోతకు లొంగవు. రెండు పట్టాల కొసల మధ్య వెల్డు కోసం వదిలే 25 మిల్లీమీటర్ల సందు సరిగ్గా ఉందో లేదో చూడటం చతురస్రం కిందికి వస్తుంది. దాన్ని తగ్గిస్తే నిమిషాలు మిగులుతాయి కానీ వెల్డు చెడుతుంది. లోహం చల్లారే 30 నిమిషాలు డి కిందికి వస్తాయి, చూడ్డానికి వృథాలాగే ఉంటాయి, అయినా వాటి జోలికి పోకూడదు. పని ముగిశాక పాడైన భాగం ఉన్న చోట రెండు కొత్త వెల్డులు ఉంటాయి. వాటినీ వీలైనంత త్వరగా అల్ట్రాసోనిక్‌తో పరీక్షించాలి. అప్పటిదాకా రెండింటికీ ఫిష్‌ప్లేట్లు క్లాంపులతో బిగించే ఉంచుతారు.