లెక్క తేల్చిన మెయిల్

నస్పూర్‌లో ఉంటూ అనువాదాలు చేసే మిత్రురాలు ఒక ఏజెన్సీకి రాసిన మెయిల్ చూశాను. పనితనమంటే అదీ! గని భద్రత మాన్యువల్‌ను ఇంగ్లిష్ నుంచి తెలుగు చేసింది. మూలంలోని పదానికి రూపాయిన్నర ఒప్పందం. ఏజెన్సీ 6,200 పదాలకే లెక్క కట్టింది.

ఆమె ఎక్కడా గొంతు పెంచలేదు. వర్డ్‌లో పదాలు లెక్కించే చోట టెక్స్ట్ బాక్సులు, ఫుట్‌నోట్లు కలిపే గడి ఉంటుంది. టిక్ తీస్తే 6,200, పెడితే 7,050 అని రెండు స్క్రీన్‌షాట్లు జతచేసింది. బొమ్మల్లో కలిసిపోయిన హెచ్చరికలను వర్డ్ అసలే లెక్కించదు. వాటిని విడిగా టైపు చేసి, పేజీ నంబర్లతో 400 పదాలు చూపింది. రావాల్సింది ఇంకా 1,875 రూపాయలు.

చివర్లో ఒక్కటే అడిగింది: ‘‘పర్చేజ్ ఆర్డర్ సవరించి పంపండి, దాని ప్రకారమే బిల్లు పెడతాను.’’ అవతలివాళ్లు తామే లెక్కపెట్టి చూసుకునేలా రాసింది. ఇక వాదనకు తావేదీ?