ఆరో కడ్డీ మోసే బరువెంత?

ఇనుప షెడ్డు పక్కగోడను బయటినుంచి చూస్తే, రెండు స్తంభాల మధ్య ఐమూలగా ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్లే రెండు కడ్డీలు కనిపిస్తాయి. హైటెన్షన్ టవర్ కాళ్ల మధ్యా అదే అమరిక. గాలి పక్కనుంచి తోసినప్పుడు చట్రం ఒరిగిపోకుండా నిలబెట్టడానికి నిజానికి ఈ రెండిట్లో ఒకటి చాలు. రెండోది ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు, గాలి ఒక్క వైపునుంచే వీయదు కదా. కష్టమైన ప్రశ్న వేరే ఉంది. రెండూ ఉన్నప్పుడు ఏ కడ్డీ ఎంత మోస్తుంది?

లెక్కకు ఒక చిన్న ట్రస్ తీసుకుందాం. వెడల్పు 4 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు ఉన్న దీర్ఘచతురస్రం. కింద ఎడమ మూల ఎ, కుడి మూల బి. బి పైన సి, ఎ పైన డి. నాలుగు పక్కలకూ నాలుగు కడ్డీలు, ఐమూలగా ఎ-సి, బి-డి, మొత్తం ఆరు. కొలతలు ఇలా తీసుకోవడంలో కొంచెం స్వార్థం ఉంది. ఐమూల పొడవు సరిగ్గా 5 మీటర్లు వస్తుంది, భిన్నాలతో కుస్తీ తప్పుతుంది. ఎ దగ్గర హింజ్, బి దగ్గర రోలర్. డి దగ్గర ఎడమనుంచి కుడికి 60 కిలోన్యూటన్ల తోపు, అంటే సుమారు ఆరు టన్నులు.

ప్రతి జాయింటు దగ్గరా అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి చొప్పున రెండు సమీకరణాలు రాయవచ్చు. నాలుగు జాయింట్లకు ఎనిమిది. తెలియనివి మాత్రం తొమ్మిది: ఆరు కడ్డీల్లోని బలాలు, ఆధారాల దగ్గర మూడు ప్రతిచర్యలు. ఒక్క సమీకరణం తక్కువ పడింది. అలాగని ఇక్కడ జవాబు లేకుండా పోలేదు. కావలసినన్ని ఉండటమే చిక్కు. బి-డిలో మీకు తోచిన బలం ఏదైనా రాసుకోండి, సున్నా అనండి, వంద అనండి, మిగతా కడ్డీల్లో దానికి తగ్గ బలాలు వచ్చి ప్రతి జాయింటూ సమతౌల్యంలోనే ఉంటుంది. బలాల లెక్క ఒక్కటే చూసుకుంటే ఆ జవాబులన్నీ ఒప్పే. వాటిలో ఒకదాన్ని ఏరాలంటే బలాలను కాసేపు పక్కనపెట్టి, కడ్డీలు ఎంత సాగాయో, ఎంత కుంచించుకున్నాయో చూడాలి. ఆ మార్పులన్నీ జరిగాక కూడా ఆరు కడ్డీలూ అవే నాలుగు జాయింట్ల దగ్గర కలవాలి. తక్కువ పడిన తొమ్మిదో సమీకరణం అదే.

ఈ దారిని మొదట వేసింది విద్యుదయస్కాంతత్వంతో పేరుపడ్డ జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్. 1864లో చట్రాల దృఢత్వం మీద ఒక చిన్న పత్రం ప్రచురించాడు. అది ఎంత క్లుప్తంగా, ఎంత నైరూప్యంగా ఉందంటే వంతెనలు కట్టేవాళ్లెవరూ దాన్ని పట్టించుకోలేదు. పదేళ్ల తరువాత, 1874లో, రైల్వే ఇంజినీరుగా పనిచేసి ప్రొఫెసరైన జర్మన్ ఒట్టో మోర్, మాక్స్‌వెల్ పత్రం సంగతి తెలియకుండానే అదే చోటికి వచ్చాడు. మోర్ దాన్ని కల్పిత పని సూత్రంతో, చేత్తో లెక్కకట్టుకునే రూపంలో పెట్టాడు. ఇవాళ ఇంజినీరింగ్ క్లాసులో నేర్పేది దాదాపు ఆ రూపమే. ఇద్దరి పేర్లూ కలిపి దీన్ని మాక్స్‌వెల్-మోర్ పద్ధతి అంటారు.

పద్ధతి మొదలయ్యేది ఒక కోతతో. బి-డిని మధ్యలో కోశామనుకుందాం. కడ్డీ చట్రంలోనే ఉంటుంది, రెండు ముక్కలుగా. ఇక అది బలం మోయలేదు కనుక మిగిలిన ట్రస్‌ను మామూలు జాయింట్ల లెక్కతోనే తేల్చేయవచ్చు. డి దగ్గరి తోపంతా పై కడ్డీ డి-సి గుండా పోతుంది, అందులో 60 కంప్రెషన్. సి దగ్గర దాన్ని ఎ-సి పట్టుకుంటుంది, 75 టెన్షన్. బి-సిలో 45 కంప్రెషన్. ఎ-బి, ఎ-డిలలో ఏమీ లేదు. ఈ బలాలను N అందాం.

ఇప్పుడు 60 కిలోన్యూటన్లు తీసేసి, కోత దగ్గర రెండు ముక్కలనూ ఒకదానివైపు ఒకటి 1 కిలోన్యూటన్‌తో లాగుదాం. ఐమూలలు రెండిట్లోనూ 1 టెన్షన్, అడ్డ కడ్డీలు రెండిట్లోనూ 0.8 కంప్రెషన్, నిలువు కడ్డీలు రెండిట్లోనూ 0.6 కంప్రెషన్ వస్తాయి. వీటిని n అందాం. ఈ n బలాలను కొలబద్దగా పెట్టి, అసలు లోడు కింద కోత దగ్గర ముక్కలు ఎంత జరిగాయో కొలవవచ్చని చెప్పడమే మోర్ చేసిన ఉపకారం. ప్రతి కడ్డీకీ N, n, పొడవు L మూడింటినీ గుణించి, EAతో భాగించి, అన్నీ కూడితే ఆ జరుగుడు వస్తుంది. A అంటే కడ్డీ అడ్డుకోత వైశాల్యం, E ఉక్కు స్థితిస్థాపక గుణకం.

అన్ని కడ్డీలూ 20 చదరపు సెంటీమీటర్ల ఉక్కువే అనుకుంటే EA విలువ 4,00,000 కిలోన్యూటన్లు. పై కడ్డీనుంచి 192, కుడి నిలువునుంచి 81, ఎ-సినుంచి 375, మొత్తం 648. దాన్ని EAతో భాగిస్తే 1.62 మిల్లీమీటర్లు. గుర్తు ధనం కనుక ముక్కలు ఒకదానివైపు ఒకటి జరిగాయని అర్థం. డి కుడివైపు ఒరిగింది, బి-డి దూరం తగ్గింది, కోసిన కొనలు ఒకదాని మీదికి ఒకటి 1.62 మిల్లీమీటర్ల మేర ఎక్కాయి. నిజమైన కడ్డీలో అలా ఎక్కడానికి వీల్లేదు. వాటిని వెనక్కి నెట్టడానికి ఎంత బలం కావాలి? 1 కిలోన్యూటన్ ఎంత జరుపుతుందో చూస్తే తేలిపోతుంది. n²Lల మొత్తం 17.28, EAతో భాగిస్తే 0.0432 మిల్లీమీటర్లు.

```
X = -1.62 / 0.0432 = -37.5 kN
```

బి-డి 37.5 కిలోన్యూటన్ల కంప్రెషన్ మోస్తోంది. ఎ-సిలో 75 నుంచి 37.5 తగ్గి 37.5 టెన్షన్ మిగిలింది. రెండు ఐమూలలూ భారాన్ని సరిసమానంగా పంచుకున్నాయి. ఇది ముందే ఊహించవచ్చు కదా అనిపిస్తుంది. ఎదురెదురు కడ్డీల సైజులు ఒకటే అయినంతవరకూ ఊహించవచ్చు, ఆ పైన కాదు.

17.28లో బి-డి సొంత వాటా 5 ఉంది. పరీక్ష పేపర్లలో ఎక్కువగా తప్పిపోయేది ఈ 5. కోసేశాం కనుక ఆ కడ్డీ ఇక లేదని వదిలేస్తే కింద 12.28 మాత్రమే మిగిలి, జవాబు 37.5 బదులు 52.8 వస్తుంది. ఆ అంకెకూ ఒక అర్థం ఉంది. బి-డి అసలు కుంచించుకోని, అనంతమైన గట్టిదనం ఉన్న కడ్డీ అయితే దానిలో వచ్చే బలం అది. చేత్తో చేసిన లెక్కలో బలం అనుకున్నదానికంటే పెద్దగా వస్తే నేను మొదట వెతికేది ఈ వాటానే.

జాయింట్ల సమతౌల్యం సరిచూసుకుంటే ఈ తప్పు దొరకదు. 52.8 పెట్టినా జాయింట్లన్నీ చక్కగా సరిపోతాయి. పట్టుకోవాలంటే చివరి బలాలను మళ్లీ nతో, Lతో గుణించి కూడాలి, మొత్తం సున్నా రావాలి. మన జవాబులో అడ్డ కడ్డీలు రెండూ 96, మైనస్ 96 ఇస్తాయి. నిలువువి 40.5, మైనస్ 40.5. ఐమూలలు 187.5, మైనస్ 187.5. అన్నీ కొట్టేసుకున్నాయి. ఓపిక ఉంటే బి-డి బదులు ఎ-సిని కోసి మొదటినుంచీ చేసినా అవే బలాలు రావాలి, వస్తాయి కూడా. ఏ కడ్డీని కోయాలన్నది మన ఇష్టం, కోశాక మిగిలింది నిలబడితే చాలు. నాలుగైదు గదుల పొడవాటి ట్రస్‌లో ఒక్క గదిలోనే రెండు ఐమూలలుంటే, కోత ఆ గదిలో పడాలి. ఒకే ఐమూల ఉన్న గదిలో కోస్తే ట్రస్ కూలుతుంది, లెక్క ముందుకు సాగదు.

ఇప్పుడు బి-డిని సగం వైశాల్యమున్న కడ్డీతో మార్చి చూడండి. దాని సొంత వాటా 5 నుంచి 10 అవుతుంది, మొత్తం 22.28. బలం 37.5 నుంచి 29.1కి దిగుతుంది, వదిలేసిన భారం ఎ-సి మీద పడి అక్కడ 45.9 అవుతుంది. ఐదు కడ్డీల ట్రస్‌లో ఒక కడ్డీ లావు మారిస్తే దాని ఒత్తిడి మారుతుంది గానీ బలం మారదు. ఇక్కడ బలమే మారిపోతుంది. గట్టిగా ఉన్న కడ్డీ భారాన్ని తనవైపు లాక్కుంటుంది. అందుకే ఇలాంటి ట్రస్‌కు సైజులు తెలియకుండా బలాలు తేలవు, బలాలు తెలియకుండా సైజులు తేలవు. ముందు ఒక సైజు అనుకుని, లెక్క చేసి, సరిదిద్ది, మళ్లీ చేస్తారు.

అదనపు కడ్డీతో వచ్చే ఇంకో తలనొప్పి ఫ్యాబ్రికేషన్ షాపులో మొదలవుతుంది. బి-డిని 2 మిల్లీమీటర్లు పొట్టిగా కోశారనుకోండి. ఐదు మీటర్ల కడ్డీకి అది టేపు పట్టుకోవడంలో వచ్చేంత తేడా. దాన్ని జాక్‌తో లాగి బోల్టు బిగించగానే, చట్రం మీద ఏ లోడూ లేకుండానే, 2ను 0.0432తో భాగిస్తే వచ్చే 46.3 కిలోన్యూటన్ల టెన్షన్ అందులో కూర్చుంటుంది. మన 60 కిలోన్యూటన్ల గాలి తెచ్చిన బలం కంటే ఇది ఎక్కువ! ఎండ పడినా అంతే. బి-డి ఒక్కటే మిగతావాటికంటే 30 డిగ్రీలు వేడెక్కితే అది 1.8 మిల్లీమీటర్లు పెరగాలని చూస్తుంది, చట్రం పెరగనివ్వదు, 41.7 కిలోన్యూటన్ల కంప్రెషన్ వస్తుంది. ఐదు కడ్డీల ట్రస్ ఇలాంటి తేడాలకు కాస్త ఆకారం మార్చుకుని ఊరుకుంటుంది. ఈ అంకెలు బోల్టు రంధ్రాల్లో ఏమాత్రం వదులు లేదనుకుని వేసినవి. మామూలు బోల్టు రంధ్రం బోల్టుకంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దదిగా ఉంటుంది కాబట్టి, సైటులో ఆ బలంలో చాలా భాగం జాయింటు జారుడులోనే పోవచ్చు. పొట్టి కడ్డీ దోషాన్నీ, బి-డి మోస్తుందనుకున్న భారాన్నీ ఆ వదులు ఒకేలా మింగేస్తుంది.

ఈ పద్ధతి చెప్పకుండా వదిలేసేది ఒకటుంది. లాగినా నెట్టినా కడ్డీ ఒకేలా పనిచేస్తుందని అది ముందే నమ్ముతుంది. షెడ్లలో ఐమూలలుగా చాలాసార్లు సన్నటి రాడ్లో, చిన్న యాంగిళ్లో వాడతారు. ఐదు మీటర్ల సన్నటి రాడ్డు 37.5 కిలోన్యూటన్ల కంప్రెషన్ మోయలేదు, అందులో చిన్న భాగానికే పక్కకు వంగి తప్పుకుంటుంది. కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో దాన్ని మామూలు ట్రస్ మెంబర్‌గా ఎక్కిస్తే మాత్రం స్క్రీన్ మీద 37.5, 37.5 అని ముచ్చటగా సగం సగం కనిపిస్తుంది. అలాంటి చట్రంలో గాలి ఎడమనుంచి వీచినప్పుడు బి-డి లేనట్టే లెక్క, ఎ-సిని మొత్తం 75కూ డిజైన్ చేయాలి. గాలి తిరిగి సి దగ్గర కుడినుంచి నెట్టినప్పుడు ఎ-సి వంగి తప్పుకుంటుంది, ఆ 75 బి-డి మీదికి వస్తుంది.