జీతం చీటీలో చివరి అంకె

గల్ఫ్‌లో బ్యాంకు రుణానికి దరఖాస్తు చేసే కార్మికుడి దగ్గర చాలాసార్లు ఉండేది ఫోన్‌లో తీసిన జీతం చీటీ ఫొటో ఒక్కటే. ఆ చీటీని అరబ్బీలోకి మార్చే పని శీర్షికలతో కాదు, అంకెలతో మొదలవుతుంది. కువైట్ చీటీలో ఇది మరీ ముఖ్యం. అక్కడ దీనారుకు వెయ్యి ఫిల్సులు కాబట్టి చుక్క తర్వాత మూడు అంకెలు ఉంటాయి. 60.500 అంటే అరవై దీనార్ల అయిదువందల ఫిల్సులు. ఫొటో మసకగా ఉండి చుక్క కనబడకపోతే అదే అరవై వేల అయిదువందలైపోతుంది. అరబ్బీ అంకెల్లో రాస్తే ఇంకో చిక్కు ఉంది: అక్కడ సున్నా ఒక చుక్క, అయిదు మన సున్నాలాంటి గుండ్రం. అందుకే ఫొటోను వాట్సాప్‌లో బొమ్మగా కాక డాక్యుమెంట్‌గా పంపించుకోవాలి. బొమ్మగా పంపితే కుదించుకుపోయి 3కీ 8కీ తేడా చెరిగిపోతుంది.

కువైట్‌లో పనిచేసే ఒక ఎలక్ట్రీషియన్ చీటీ ఇలా ఉందనుకుందాం. మూల వేతనం 250.000, ఇంటి భత్యం 60.500, రవాణా భత్యం 24.500, ఓవర్‌టైమ్ 30.000. మొత్తం 365.000. కోతల్లో గైర్హాజరీకి 20.000, అడ్వాన్స్ వసూలు 30.000. చేతికొచ్చేది 315.000. కూడికా తీసివేతా సరిపోయాయి కాబట్టి ఈ అంకెలను దాదాపు సరిగానే చదివినట్టు. ఖాతా నంబరుకు, తేదీకి ఇలాంటి పరీక్ష లేదు. వాటిలో ఏ అంకె కనబడకపోయినా ఊహించి నింపకూడదు, ఆ చోట బ్రాకెట్లో ‘గైర్ మఖ్రూ’, అంటే చదవడానికి వీలుకానిది, అని రాయాలి.

ఇక శీర్షికలు. మూల వేతనం ‘అల్ రాతిబ్ అల్ అసాసీ’. భత్యాన్ని ‘బదల్’ అంటారు: ఇంటికి ‘బదల్ సకన్’, రవాణాకు ‘బదల్ మువాసలాత్’. ఓవర్‌టైమ్‌కు మాత్రం బదల్ తగిలించకూడదు. భత్యం నెలనెలా వచ్చేది, ఓవర్‌టైమ్ చేసిన గంటలకు వచ్చేది. దానికి ‘అజ్ర్ అమల్ ఇదాఫీ’ అనే రాయాలి.

కోతల దగ్గర నష్టం ఇంకా ఎక్కువ. ఈ వారం కంటబడ్డ ఒక అనువాదంలో అడ్వాన్స్ వసూలు ‘ఖర్ద్’ అయి కూర్చుంది. యజమాని ముందుగా ఇచ్చిన డబ్బు ‘సుల్ఫా’. ఖర్ద్ అంటే రుణం. బ్యాంకు అధికారి ఆ మాట చూస్తే ఈ మనిషికి ఇంకోచోట అప్పుందని అనుకుంటాడు. గైర్హాజరీ కోత ‘ఖస్మ్ గియాబ్’. దాన్ని శిక్ష అనే అర్థమొచ్చే ‘జజా’తో రాస్తే క్రమశిక్షణ చర్య జరిగినట్టవుతుంది. చీటీలో పొట్టి అక్షరాలే ఉండి, అది గైర్హాజరీయో జీతం లేని సెలవో తేలకపోతే కంపెనీలో జీతాలు చూసే గుమాస్తానే అడగాలి.

చివరి వరుస ‘సాఫీ అల్ రాతిబ్’, అంటే నికర వేతనం. కువైట్ సెంట్రల్ బ్యాంక్ నిబంధన ప్రకారం ఉద్యోగి నెల వాయిదాలు నికర జీతంలో 40 శాతం మించకూడదు. 315లో అది 126 దీనార్లు. అయితే ఈ 315లో ఆ నెల ఓవర్‌టైమ్ ఉంది, ఆ నెల గైర్హాజరీ కోతా ఉంది. రెండూ మళ్లీ రాకపోతే, అడ్వాన్స్ వసూలు మాత్రం సాగితే, నికరం 305కు దిగి వాయిదా హద్దు 122 అవుతుంది. అడ్వాన్స్ ఈ నెలతో తీరిపోతే నికరం 335, హద్దు 134. అనువాదంలో ఒక్క తప్పూ లేకపోయినా చివరి అంకె మనిషి స్తోమతను ఎక్కువగానో తక్కువగానో చూపిస్తుంది.

అలాంటప్పుడు ఏ కోత ఎన్నాళ్లుంటుందో అనువాదకుడే అడుగున ఒక మాట రాస్తే సరిపోదా అనిపిస్తుంది. చీటీలోని అంకెల మీద అనువాదకుడు చెయ్యి వేయకూడదు. వివరణకూ అదే వర్తిస్తుంది. అడ్వాన్స్ ఎప్పటికి తీరుతుందో చీటీలో లేదు. లేనిదాన్ని రాస్తే అది అనువాదం కాదు, సాక్ష్యం. ఆ సాక్ష్యం చెప్పాల్సింది యజమాని. కాబట్టి ‘షహాదత్ రాతిబ్’ అనే జీతం ధ్రువపత్రాన్ని కంపెనీ నుంచి అరబ్బీలోనే తీసుకుని, స్థిరమైన జీతమెంతో, అడ్వాన్స్‌లో మిగిలిందెంతో అందులో రాయించుకోవాలి. అనువాదకుడు తన ప్రతి కింద రాయదగ్గది ఒక్కటే: ఇది అసలు కాగితం చూసి కాక ఫొటో చూసి చేసిన అనువాదమని.