పొగడ చెట్టు కింద ప్రమాణం

గత మంగళవారం రాత్రి మా తిరువొత్తియూరు తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులో ఒక స్క్రీన్‌షాట్ పడింది. పడిన కాసేపటికే మాయమైంది. ఆ తర్వాత రెండు రోజుల పాటు మా అడ్మిన్, రిటైరైన టీచరమ్మగారు, ఆ వ్యవహారం నడిపిన తీరు నాకు బాగా నచ్చింది. అందుకే ఈ వారం రాద్దామనుకున్న తేరడి మెట్రో సంగతి పక్కన పెట్టాను.

ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి చెబుతాను. ఉగాది పండక్కి అందరం చందాలు వేసుకున్నాం. లెక్కలు ఒకావిడ చూస్తారు. హాలు బుకింగ్ దగ్గర ఇద్దరు స్నేహితురాళ్లకు మాటా మాటా పెరిగింది. వాళ్లలో ఒకావిడ కోపం పట్టలేక, రెండో ఆవిడ ఎప్పుడో తనకు విడిగా పంపిన మాటలను స్క్రీన్‌షాట్ తీసి అందరి ముందూ పెట్టేసింది. "ఈసారి లెక్కలు చూపించలేదు, గమనించావా? వాళ్లాయనకు ఉద్యోగం పోయిందట. మన డబ్బు వాడుకున్నారేమో" అని ఉంది అందులో.

పెట్టినావిడ దృష్టిలో అది తన స్నేహితురాలి గుట్టు బయటపెట్టడం. దెబ్బ మాత్రం ఎక్కువగా తగిలింది ఆ గొడవతో సంబంధమే లేని మనిషికి. లెక్కలు చూసే ఆవిడ మీద దొంగతనం అనుమానం పడింది. ఆవిడ భర్త ఉద్యోగం పోయిన సంగతి, బహుశా సొంత అన్నదమ్ములకు కూడా చెప్పుకోనిది, నలుగురికీ తెలిసిపోయింది. ఇలాంటి స్క్రీన్‌షాట్ వచ్చినప్పుడు పెట్టింది ఎవరు, రాసింది ఎవరు అని చూస్తాం. అందులో పేరు పడి, ఆ మాటల్లో ఏ పాత్రా లేని మూడో మనిషి ఎవరో వెతకం.

టీచరమ్మగారు ఆ మనిషినే ముందు వెతికారు. అడ్మిన్‌కి ఉన్న అధికారంతో ఆ బొమ్మను అందరి ఫోన్లలోంచీ తీసేశారు. 2022 నుంచి వాట్సాప్ గ్రూపుల్లో అడ్మిన్ ఎవరి మెసేజీనైనా ఇలా తీసేయవచ్చు. తీసింది అడ్మినే అని అక్కడ కనిపిస్తుంది కూడా. వెంటనే, అడ్మిన్లు తప్ప ఎవరూ రాయడానికి లేకుండా గ్రూపును మూసి, ఈ నాలుగు ముక్కలు పెట్టారు: "ఇప్పుడు వచ్చిన ఒక బొమ్మను తీసేశాను. అది ఇద్దరి మధ్య విడిగా జరిగిన మాట. ఫోనులో సేవ్ అయి ఉంటే దయచేసి తీసేయండి, ఎవరికీ పంపకండి. రేపు ఉదయం గ్రూపు తెరుస్తాను."

ఆ మాటల్లో ఏం లేదో చూడండి. ఎవరి పేరూ లేదు. బొమ్మలో ఏముందో లేదు. "ఆ ఆరోపణ ఎవరూ నమ్మకండి" అన్న సమర్థన కూడా లేదు. మంచి మనసున్న అడ్మిన్లు చాలామంది అక్కడే తడబడతారు. అప్పటికి ఆ బొమ్మ సగం మంది చూసి ఉండరు. ఆరోపణను ఖండిస్తూ ఒక వాక్యం రాస్తే, ఆరోపణ ఒకటి ఉందని మిగతా సగానికి మనమే చెప్పినట్టు. సేవ్ అయి ఉంటే తీసేయమని అడగడానికీ కారణం ఉంది. మెసేజీ పోయినా కొన్ని ఫోన్లలో ఫొటోల పెట్టెలో బొమ్మ ఉండిపోతుంది. ఈలోపే ఎవరైనా వేరే చోటికి పంపి ఉంటే దాన్ని అడ్మిన్ వెనక్కి తేలేరు. తీసేయడం వల్ల నష్టం ఆగుతుంది గానీ జరిగింది జరగనట్టు కాదు. అందుకే ఆవిడ తీసేసి చేతులు దులుపుకోలేదు, ఫోను అందుకున్నారు.

ముందు ఎవరికి? నేనైతే బొమ్మ పెట్టినావిడకు చేసి గట్టిగా అడిగేవాణ్ణి. టీచరమ్మగారు లెక్కలు చూసే ఆవిడకు చేశారు. "ఇంకో పావుగంటలో ఎవరో ఒకరు ఆమెకు ఎలాగూ చెబుతారు. జాలిపడుతూనో, సరదాగానో. అంతకంటే ముందు నా నోటి నుంచి వినాలి" అన్నారు నాతో. ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పి, గ్రూపులో ఈ రాత్రి ఏమీ రాయొద్దని మాత్రం కోరారు. తర్వాత ఆ మాటలు రాసినావిడకు చేశారు. పెట్టినావిడతో మాట్లాడింది మర్నాడు పొద్దున, కోపం చల్లారాక.

ఆ ముగ్గురిలో ఎవరినీ "అది నిజమేనా" అని ఆవిడ అడగలేదు. ఇది ఎందుకు ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే స్క్రీన్‌షాట్‌ను మనం సాక్ష్యంలా చదువుతాం. పైన కనిపించే పేరు ఆ ఫోను మనిషి సేవ్ చేసుకున్న పేరు. ఏ నంబరునైనా ఏ పేరుతోనైనా సేవ్ చేసుకోవచ్చు. పైనా కిందా కత్తిరిస్తే తేదీ పోతుంది, ముందు జరిగిన సంభాషణ పోతుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఒక మెసేజీని అందరికీ తీసేస్తే, తీసేసినట్టు అక్కడ ఆనవాలు మిగులుతుంది. నా ఫోనులో నాకు మాత్రమే తీసేసుకుంటే ఏ ఆనవాలూ ఉండదు. "నువ్వేమంటావు, డబ్బు వాడుకున్నారంటావా?" అని నేనే రెచ్చగొట్టి, అవతలివాళ్లు "ఏమో" అన్నాక నా ప్రశ్న తుడిచేసి స్క్రీన్‌షాట్ తీస్తే, ఆ అనుమానం పూర్తిగా వాళ్లదే అయిపోతుంది. బొమ్మ అబద్ధం కాదు, ప్రతి అక్షరం వాళ్లు రాసిందే. అయినా నిజం కాదు. ఇందులో ఏది జరిగిందో అరవై మంది కూర్చుని తేల్చలేరు. అందుకే గ్రూపులో విచారణ పెట్టకపోవడమే సరైనది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా ఉత్తరాల పిచ్చి తెలుసు. పోస్టుకార్డు మీద రాసింది పోస్టుమాన్ చదివినా తప్పులేదు, మడిచి అంటించిన ఇన్లాండు లెటరు మాత్రం పేరున్నవాళ్లే విప్పాలి. విడిగా పంపిన మెసేజీ నాకు ఎప్పుడూ ఆ రెండోదే. కాబట్టి బుధవారం పొద్దున ఆవిడతో ఖండితంగా చెప్పాను: "టీచరమ్మగారూ, ఎవరి విడి మాటలైనా సరే, ఏ కారణానికైనా సరే, ఇంకొకరికి చూపించకూడదని గ్రూపులో నియమం పెట్టేయండి."

ఆవిడ ఒప్పుకోలేదు. "మన గుళ్లో పొగడ చెట్టు చూశావు కదా నాయనా" అన్నారు.

త్యాగరాజస్వామి గుడి ప్రాకారంలో ఉన్న ఆ చెట్టు కథ ఈ ఊళ్లో తెలియనివాళ్లుండరు. తమిళుల మాసి నెల ఉత్సవాల్లో మగిళడి సేవ పేరుతో ఏటా జరుపుతారు. ఊరికి దూరంగా ఉన్న పాఠకుల కోసం చెబుతాను. సుందరమూర్తి నాయనారు తిరువారూరులో పరవైని పెళ్లాడి, తర్వాత ఇక్కడికి వచ్చి, గుళ్లో పూలమాలలు కట్టే సంగిలిని చూసి మనసుపడ్డాడు. పెళ్లి చెయ్యమని శివుణ్ణే అడిగాడు. సంగిలి భయం ఒకటే, ఈయన తనను వదిలి తిరువారూరు వెళ్లిపోతాడేమోనని. వదలనని ప్రమాణం చెయ్యాలన్నారు. సుందరుడు శివుణ్ణి ఏకాంతంలో వేడుకున్నాడు: నేను గర్భగుడి ముందు ప్రమాణం చేసేటప్పుడు నువ్వు లోపల ఉండకు, పొగడ చెట్టు దగ్గరికి వెళ్లిపో. దేవుడు లేనిచోట చేసిన ఒట్టు తప్పినా పాపం లేదని ఆయన లెక్క. శివుడు సరేనన్నాడు. ఆ రాత్రే సంగిలి కలలోకి వెళ్లి, గుడి ముందు ఒట్టు వేస్తానంటే ఒప్పుకోకు, పొగడ చెట్టు కింద వెయ్యమను అన్నాడు. పొద్దున చెలికత్తెలు ఆ మాటే అడిగారు. సుందరుడికి తప్పించుకునే దారి లేకపోయింది. చివరికి తిరువారూరు మీద బెంగతో ఊరి పొలిమేర దాటగానే ఆయన చూపు పోయింది. ఒక కన్ను కంచిలో, రెండోది తిరువారూరులో తిరిగి వచ్చాయి.

చిన్నప్పటి నుంచీ ఈ కథను నేను ఒట్టు కథగానే విన్నాను. టీచరమ్మగారు దాన్ని ఇంకోలా చదువుతారు. సుందరుడు శివుడికి ప్రాణస్నేహితుడు. అతను విడిగా చెప్పుకున్న మాటను దేవుడు దాచలేదు. దాస్తే ఒక ఆడపిల్ల మోసపోతుంది. అయితే ఆయన రచ్చబండ దగ్గర చాటలేదు, ఊరినీ గుడి పూజారులనూ పిలవలేదు. ఆ మాట వల్ల నష్టపోయే ఒక్క మనిషికి చెప్పాడు. చెప్పింది కూడా తనను తాను కాపాడుకోవడానికి ఆమెకు కావలసినంతే: ఎక్కడ ఒట్టు అడగాలో. "స్నేహం చెడకూడదని నోరు మూసుకుంటే తప్పు. కోపం తీర్చుకోవడానికి నలుగురిలో పెడితే తప్పు. ఆ రెంటికీ మధ్య చెయ్యాల్సిన పని ఉంది, దాన్ని కూడా నీ నియమం మూసేస్తుంది" అన్నారు.

పోయినేడు ఒక సంగతి జరిగిందని అప్పుడు చెప్పారు. గ్రూపులో ఉన్న ఒకతను, అక్కడి నుంచే నంబరు తీసుకుని, ఒక అమ్మాయికి రాత్రుళ్లు పిచ్చి మెసేజీలు పంపాడట. ఆ పిల్ల వాటిని స్క్రీన్‌షాట్లు తీసి టీచరమ్మగారికి చూపించింది. ఆవిడ అతన్ని ఆ రోజే గ్రూపులోంచి తీసేసి, అసలు మెసేజీలు ఫోనులోంచి చెరపొద్దని ఆ పిల్లకు చెప్పి, వాళ్ల అమ్మను తీసుకుని పోలీసుల దగ్గరికి తోడు వెళ్లారు. కోర్టు దాకా వెళ్తే బొమ్మ ఒక్కటే చాలదు. భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోను దగ్గర ఉండటం మంచిది. "నీ నియమం ఉండి ఉంటే ఆ పిల్ల నా దగ్గరికి కూడా వచ్చేది కాదు" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

మంగళవారం బొమ్మలో కూడా గ్రూపుకు న్యాయంగా చెందిన ముక్క ఒకటి ఉంది. చందా లెక్కలు చూపించకపోవడం. భర్త ఉద్యోగం, స్నేహితురాలి అనుమానం మనవి కావు, డబ్బు మాత్రం అందరిదీ. ఆ ముక్కను విడదీసి, ఏటా ఉగాదికి ముందు ఆదివారం లెక్కలు చదవాలనీ, రసీదుల పుస్తకం ఎవరడిగినా చూపించాలనీ ఇక మీదట పద్ధతిగా పెట్టారు. మర్నాడే లెక్కలు పెట్టమని మాత్రం ఆమెను అడగలేదు. అలా పెడితే దొంగ కాదని నిరూపించుకుంటున్నట్టు ఉంటుందని.

బొమ్మ పెట్టినావిడను తీసేయాలని కొందరు పట్టుబట్టారు. అడ్మిన్ మీద కేసు అవుతుందని భయపెట్టారు కూడా. ఆ భయానికి ఆధారం తక్కువ. 2021 డిసెంబరులో మద్రాసు హైకోర్టు మదురై బెంచి, కరూరు లాయర్ల గ్రూపు వ్యవహారంలో, అడ్మిన్‌గా ఉండటం తప్ప ఇంకే పాత్రా లేకపోతే అతని పేరు కేసులోంచి తీసేయాలని చెప్పింది. 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు కూడా సభ్యుల పోస్టుకు అడ్మిన్ బాధ్యుడు కాడంది. టీచరమ్మగారు ఆవిడను ఉంచారు. ఆ బొమ్మ ఇంకా ఆవిడ ఫోనులో ఉంది, బయటికి పంపేస్తే ఇంకో నాలుగు గ్రూపుల్లో పెట్టకుండా ఆపేవాళ్లుండరు అన్నది టీచరమ్మగారి వాదన. లెక్కలావిడకూ, స్నేహితురాలికీ ఫోను చేసి మాట్లాడితేనే మళ్లీ గ్రూపులో రాయాలని షరతు పెట్టారు. లెక్కలావిడకు చేసింది. స్నేహితురాలు ఇంకా ఫోను ఎత్తడం లేదు. ఎత్తమని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదని కూడా ఆవిడే అన్నారు.

గ్రూపు వివరాల్లో ఇప్పుడు ఒక వాక్యం కొత్తగా చేరింది. నేను కోరిన నిషేధం కాదది. "వేరేవాళ్ల విడి మాటలు ఇక్కడ పెట్టకండి; ఎవరికైనా హాని ఉందనిపిస్తే ఆ మనిషికి చెప్పండి, లేదా నాకు ఒక్కదానికే పంపండి, ఏ వేళైనా." చివర్లో ఆ "ఏ వేళైనా" ఎందుకని అడిగాను. ఆ పిల్ల వచ్చింది రాత్రి పదకొండుకట.