సంతకం పక్కన హోదా

మదనపల్లె దస్తావేజు లేఖరి ఒకరు రాసిన నాలుగు పేజీల అద్దె అగ్రిమెంటు నకలు నా ముందుంది. బెంగళూరు కంపెనీ ఒకటి తన మేనేజరు కోసం తీసుకున్న ఇల్లు, నెలకు 18,000 అద్దె. ‘అగ్రిమెంటు కంపెనీ పేరు మీదనే రాయాల సార్’ అని ఆ కంపెనీ మనిషి అంటే, ‘ఉండేది ఒకరు, రాసిచ్చేది ఇంకొకరికా?’ అని యజమాని అడిగాడట. పుంగనూరులో అయినా, కుప్పంలో అయినా ఇదే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు ఈ కాగితంలోనే ఉంది.

పనితనం మొదటి పేరాలోనే కనిపిస్తుంది. మామూలుగా వచ్చిన మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా రాసి, చివర్లో ‘కంపెనీ తరపున’ అని ఒక మాట తగిలిస్తారు. రేపు అతను ఉద్యోగం మానేస్తే బాకీ ఎవరిదన్న తగువు అక్కడే పుడుతుంది. ఈ లేఖరి ముందు కంపెనీ పూర్తి పేరు, 21 అక్షరాల నమోదు సంఖ్య, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా రాసి, ఆ తర్వాతే ‘దీని తరపున సంతకం చేయు అధికారం గల ఫలానా, ఫలానా హోదా’ అన్నాడు. సంతకం కింద హోదా, ముద్ర ఉన్నాయి. ఆ అధికారం ఇచ్చిన బోర్డు తీర్మానం నకలు వెనక కుట్టాడు. అందులో పేరు, సంతకం చేసినవారి పేరు ఒకటేనా అని యజమాని చూసుకుంటే చాలు.

నాకు మరీ నచ్చింది మూడో పేజీ. ఇంట్లో ఉండే ఉద్యోగి అద్దెదారు కాదు, కంపెనీ పంపిన నివాసి మాత్రమే. ఉద్యోగి మారితే కంపెనీ రాతపూర్వకంగా తెలపాలి. ఉద్యోగం పోయినవాడు ఇల్లు వదలకపోతే ఖాళీ చేయించే పూచీ కంపెనీదే, అంతవరకు అద్దె కూడా దానిదే. మూడే వాక్యాలు, ఎక్కడా సందు లేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా తేల్చాడు. అద్దె కంపెనీ ఖాతా నుంచే రావాలి. జీఎస్టీ నమోదు ఉన్న సంస్థ ఇల్లు అద్దెకు తీసుకుంటే 2022 జూలై 18 నుంచి ఆ పన్ను అద్దెదారే నేరుగా కట్టాలి కాబట్టి, దాని పేరుతో అద్దెలో కోయరాదని రాశాడు. టీడీఎస్ ఊసెత్తలేదు. ఇప్పుడు నెలకు 50,000 దాటితేనే ఆ కోత గనుక సరిపోయింది.

గడువు 11 నెలలు. ఆంధ్రలో గడువు ఏడాదికి లోపైనా రిజిస్ట్రేషన్ తప్పదు. కంపెనీవాళ్లు బెంగళూరు నుంచి స్టాంపు కాగితం తెస్తామన్నారట. ఇల్లూ సంతకాలూ ఆంధ్రలోనే కదా అని లేఖరి ఇక్కడి కాగితమే కొనిపించాడు.

ఒక్కచోట మాత్రం చెయ్యి జారింది. ఖాళీ చేసేటప్పుడు ‘రంగుల ఖర్చు అడ్వాన్సులో మినహాయించబడును’ అన్నాడు గానీ, ఎంత అన్నది రాయలేదు. ఒక నెల అద్దెకు మించకుండా అని ఉంటే బాగుండేది.