గడువు రాకముందే చేరాల్సిన ఉత్తరం

విశాఖ ఓడరేవు నుంచి గాజువాక ఆటోనగర్ మీదుగా ఉక్కునగరం దాకా సరుకు లారీల బిల్లు వేబ్రిడ్జి చీటీ మీద ఆధారపడుతుంది. ఆ వేబ్రిడ్జిని చూసుకునే సర్వీసు సంస్థకూ యజమానికీ మధ్య సాధారణంగా ఏడాది నిర్వహణ ఒప్పందం, అంటే ఏఎంసీ, ఉంటుంది. గడువు దగ్గరపడగానే సంస్థ నుంచి ఒక ఉత్తరం వెళుతుంది: ‘మీ ఏఎంసీ ముగియబోతోంది, దయచేసి రెన్యువల్ చేయగలరు.’ అది చదివిన అధికారికి తేదీ తెలుస్తుంది గానీ, దేనికి సంతకం పెట్టాలో తెలియదు. గుర్తుచేయడం, కొత్త షరతులు ప్రతిపాదించడం వేర్వేరు పనులు కావని నా వాదన. రెండూ ఒకే ఉత్తరంలో, అదీ క్లయింటు ఫైలు కదలడానికి పట్టే కాలాన్ని లెక్కగట్టి వెళ్లాలి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. సెప్టెంబరు 30తో ముగిసే ఒప్పందం. ఏడాదికి నాలుగు విజిట్లు, విడిభాగాలకు డబ్బు వేరే, మొత్తం 96,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. ఈ తీరంలో అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గరే తీరం దాటింది. జంక్షన్ బాక్సులోకి తేమ చేరితే ఖాళీ ప్లాట్‌ఫారం మీద సున్నా నిలవదు. లోడ్ సెల్ దెబ్బతింటే అదే లారీ ముందుకు నిలబడితే ఒక బరువు, వెనక్కి నిలబడితే మరో బరువు చూపుతుంది. సరిగ్గా ఆ వారాల్లోనే ఒప్పందం లేకుండా పోతుంది. కాబట్టి ఉత్తరంలో మొదటి మాట తేదీ, రెండోది ఆ తేదీ తర్వాత ఏ సేవ ఆగుతుందన్నది. తూనికలు కొలతల శాఖ ముద్ర గడువును దీనితో కలపకూడదు. వేబ్రిడ్జికి పన్నెండు నెలలకోసారి మళ్లీ తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. ఆ తేదీ వేరే, అది యజమాని బాధ్యత. రెండు తేదీలూ పక్కపక్కనే రాస్తే ఎవరూ ఒకదాన్ని చూసి మరొకటి అనుకోరు.

తర్వాత మార్పులు. పాత షరతు, కొత్త షరతు, కారణం వరసగా ఉండాలి. ఉదాహరణలో విజిట్లు నాలుగు నుంచి ఐదు. పెరిగినది వానల తర్వాతి తనిఖీ, దానికి 3,000. జీతాలు, ప్రయాణం పెరిగినందుకు 5,000. కలిపితే 1,04,000, జీఎస్టీతో 1,22,720. పిలుపు వస్తే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, పిడుగు పడి పాడైతే ఖర్చు ఎవరిది, బిల్లు ఎన్ని రోజుల్లో చెల్లించాలి అన్నవీ రాయాలి. ఎంఎస్ఎంఈ చట్టం కింద నమోదైన చిన్న సంస్థకు చెల్లింపు గడువు రాతపూర్వకంగా ఒప్పుకున్నా 45 రోజులు దాటకూడదు. ఏ మార్పూ లేని షరతుల గురించి ‘పాతవే కొనసాగుతాయి’ అన్న ఒక్క వాక్యం చాలు.

ధర పెంపును ఇంత విడమరిస్తే బేరం మొదలవుతుందని కొందరి భయం. బేరం ఎలాగూ ఉంటుంది. విడమరిస్తే, ధర తగ్గించమన్నవాళ్లు ఏ విజిట్ వద్దో కూడా చెప్పాల్సి వస్తుంది. మొత్తం అంకె ఒక్కటే ఇస్తే శాతాల మీద కొట్లాటే మిగులుతుంది. ముందే రాస్తే ఇతర కొటేషన్లు తెప్పించుకుంటారన్న అభ్యంతరంలో నిజం ఉంది. కానీ ఆలస్యంగా రాసి క్లయింటును ఇరకాటంలో పెట్టి దక్కించుకున్న ఒప్పందం మరుసటి ఏడాది నిలవడం కష్టం. పైగా ప్రభుత్వ రంగ సంస్థల్లో అసలు చిక్కు వేరు. పాత ఆర్డరులో పొడిగింపు క్లాజు లేకపోతే మామూలుగా కొత్త టెండరే పిలవాలి. అందుకే ఉత్తరం రాసేముందు పాత ఆర్డరు చదవాలి. ఇండెంటు, ఫైనాన్స్ ఆమోదం నడవాల్సిన చోట తొంభై రోజుల ముందు, ప్రైవేటు యార్డుకైతే నలభై ఐదు రోజుల ముందు రాయడం సబబని నా అంచనా.

‘ఏళ్ల పరిచయం, కాగితం తర్వాత చూసుకుందాం’ అనే మాట ఎక్కువ నష్టం చేస్తుంది. గడువు దాటాక చేసిన పనికి, అది ఉచితం కాదని తెలిసీ క్లయింటు లాభం పొందితే, 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు. అయితే ఎంత అన్నది నిరూపించుకోవాల్సింది చేసినవాడే. పాత రేటు దానంతట అదే వర్తించదు. పరిచయం ఉన్న మనిషి బదిలీ అయితే ఆ మాటకు సాక్షీ ఉండడు.

జవాబు రాకపోతే గడువుకు పదిహేను రోజుల ముందు మరో చిన్న ఉత్తరం పంపాలి. అందులో కొత్త వాదన అక్కర్లేదు. మొదటి ఉత్తరం తేదీ, ప్రతిపాదన ఏ రోజు దాకా చెల్లుతుందో, అక్టోబరు 1 నుంచి ఆర్డరు లేకుండా పిలిస్తే ఒక్కో పిలుపుకు తీసుకునే రుసుము ఎంతో రాసి, అందినట్టు సంతకమో ఈమెయిలు జవాబో తీసుకోవాలి.