'అన్నా కరేనినా': గ్రంథనామము, ముఖవాక్యము

కావ్యముఖము ఆశీస్సుగా గాని, నమస్కారముగా గాని, వస్తునిర్దేశముగా గాని యుండవలెనని దండి కావ్యాదర్శమున చెప్పినాడు. నవల ఈ నియమమునకు లోబడినది కాదు. అయినను గ్రంథనామమును, మొదటి ప్రకరణమునకు ముందు గ్రంథకర్త యుదాహరించు పరవాక్యమును గూడి నవలయందును వస్తునిర్దేశము చేయుచునే యున్నవి. అట్టి పరవాక్యమును ఈ వ్యాసమున ముఖవాక్యమని వ్యవహరింతును. ఈ రెండును పాఠకునకేమి వాగ్దానము చేయునో టాల్‌స్టాయి 'అన్నా కరేనినా' (1875-77) ఆధారముగా పరిశీలింపవచ్చును.

మొదట నామము. రచనాకాలమున టాల్‌స్టాయి 'రెండు వివాహములు', 'రెండు జంటలు' అను పేళ్లను గూడ తలపోసెను. అవియే నిలిచియుండినచో పాఠకుడు తొలిపుటనుండియు తక్కెడ చేతబట్టి, ఏ జంట మంచిది, ఏ జంట చెడ్డది యని తూచుచు చదివెడివాడు. నవలలో దాదాపు సగము లేవిన్, కిటీల కథయే యైనను, తుదకు నిలిచిన పేరు ఒక్క స్త్రీది. అందు తీర్పు లేదు. వ్యక్తి మాత్రమే కలదు. కాని ఆ పేరునందే ఒక చిక్కు గలదు. 'అన్నా' యనునది ఆమె సొంత పేరు. 'కరేనినా' యనునది కరేనిన్ అను భర్త యింటిపేరునకు స్త్రీరూపము. ఆమె భర్త యిల్లు విడిచిపోయినను విడాకులు లభింపలేదు గనుక ఆ పేరు ఆమెను తుదివరకు విడువలేదు. కథాసంఘర్షణమంతయు ఈ రెండు మాటల నడుమ ముందే యున్నది.

ఇక ముఖవాక్యము. పగతీర్చుట తన పనియనియు, తానే ప్రతిఫల మిత్తుననియు దాని భావము. అది పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో పండ్రెండవ అధ్యాయములోనిది; ద్వితీయోపదేశకాండమునుండి పౌలు గ్రహించినది. తెలుగు గ్రంథమునకు ముందు సంస్కృతశ్లోకము నుంచినట్లు, టాల్‌స్టాయి దీనిని వాడుక రష్యనులో గాక, ప్రార్థనలలో వినబడు ప్రాచీన స్లావిక భాషలో నుంచెను. అంతకంటె ముఖ్యమైనది ఆయన విడిచినది. ఆ మాట ప్రభువు పలికినదని చెప్పు భాగము తొలగినది. మీకు మీరు పగ తీర్చుకొనవలదను పూర్వవాక్యమును తొలగినది. పౌలు లేఖలో ఈ వాక్యము ఆ నిషేధమునకు హేతువు. విడిగా నిలిపినపుడు అది బెదరింపువలె వినబడును.

కావున పాఠకునకు రెండు వాగ్దానములు కనబడును. తప్పు చేసినవారికి శిక్ష తప్పదనునది ఒకటి. శిక్షించు నధికారము మనుష్యులకు లేదనునది రెండవది. ఏది గ్రాహ్యము? మీమాంసకులు చెప్పిన ఉపక్రమోపసంహారముల యైక్యమును బట్టి నిర్ణయింపవలసియున్నది.

కథలో పగతీర్చువా రెవరు? ఐదవ భాగమున అన్నా నాటకశాలకు బోయినపుడు ప్రక్క గదిలోని యొక స్త్రీ ఆమెను అవమానించి లేచిపోవును. రహస్యప్రణయములను సహించు సమాజమే బహిరంగప్రణయమును వెలివేయును. ఆమె మరణశయ్యపై నున్నదని తలచి క్షమించిన కరేనిన్, తరువాత పరుల యుపదేశమునకు లోబడి విడాకులు నిరాకరించును. తుదకు అన్నాయే తన మరణముచేత వ్రాన్‌స్కీని శిక్షింపదలచును. రైలు చక్రముల క్రింద పడిన క్షణమున ఆమె కోరినది మాత్రము క్షమాపణము. ఎనిమిదవ భాగమున వ్రాన్‌స్కీ తల్లి చనిపోయినదానిని గూడ నిందింపక మానదు. ఇట్లు ముఖవాక్యమున నొకనికే చెందిన యధికారమును ప్రతివారును అపహరించుచున్నారు. ఆ యపహరణమే కథను నాశమునకు నడిపించుచున్నది.

అయినను మొదటి యర్థమును పూర్తిగా త్రోసిపుచ్చరాదు. అన్నా, వ్రాన్‌స్కీలు తొలిసారి కలిసిన రైలుస్టేషనులోనే ఒక కావలివాడు రైలు క్రింద పడి మరణించును. ఆ దుశ్శకునము తుదివరకు వెంటాడును. కర్మకు ఫలము కలదను భావము నవలలో నున్నది. అల్లుడు సుఖోతిన్ అడిగినపుడు వృద్ధుడైన టాల్‌స్టాయి, చెడ్డపనికి చేదుఫలము మనుష్యులవలన గాక దేవునివలన వచ్చుననియు, అన్నా అనుభవించినది అదియే యనియు తెలిపెను. ఈ సమాధానము ఫలమును అంగీకరించుచునే న్యాయాసనమునుండి మనుష్యులను దింపుచున్నది. కథాంతమున లేవిన్ తన జీవితమునకు అర్థము వెదకుకొనునే గాని, అన్నాపై తీర్పు చెప్పడు.

ముఖవాక్యమును కథకు నీతిగా గ్రహించుట తఱచుగా జరుగు పొరపాటు. అట్లు గ్రహించి, శిక్ష తగినదేయని తృప్తిపడిన పాఠకుడు తెలియకయే నాటకశాలలోని జనములో చేరును. మొదటి ప్రకరణమునకు ముందే ఆ వాక్యము నిలిచినది అన్నాను బెదరించుటకు గాదు, పాఠకుని వారించుటకు.